పాత సున్నపు గోడల ఇంట్లో వేడి తగ్గించాలంటే: లోపల థర్మకోల్ అతికించే ముందు

ప్రశ్న: నెల్లూరు రంగనాయకులపేటలో మా తాతల నాటి ఇల్లు. 18 అంగుళాల ఇటుక గోడలు, సున్నంతో కట్టినవి. పైన మద్రాస్ టెర్రస్, అంటే టేకు దంతెల మీద ఇటుకలు పేర్చి సున్నపు కాంక్రీటు వేసిన డాబా. పడమటి గది 12 × 14 అడుగులు, ఎండాకాలం రాత్రి ఒంటిగంటకు కూడా పొయ్యిలా ఉంటోంది. ఏసీ పెడుతున్నాం. గోడకు లోపలి వైపు అంగుళం థర్మకోల్, దాని మీద జిప్సం బోర్డు వేస్తే చల్లగా ఉంటుందని ఒకాయన చెప్పాడు. అదే గోడ కింద మూడడుగుల మేర చవుడు పట్టి సిమెంటు పెచ్చులు ఊడుతున్నాయి, బోర్డు వేస్తే అదీ కనబడకుండా పోతుందన్నాడు. వేయించమంటారా?

జవాబు:

వద్దండీ. కనబడకుండా పోతుందన్న మాట ఒక్కటి నిజం. ఆ గోడ తడిగా ఉంది, దాన్ని లోపలి నుంచి మూసేస్తే ఆ తడి ఎటూ పోలేదు.

ఏసీ గదిలో జరిగేది ముందు చూడండి. మన వైపు వానల రోజుల్లో బయట 33 డిగ్రీలు, గాలిలో తేమ 75 శాతం ఉండటం మామూలే. ఆ గాలి 28 డిగ్రీలకు చల్లబడితే చాలు, అందులోని ఆవిరి నీటి చుక్కలవుతుంది. ఏసీ 24 మీద నడుస్తుంటే జిప్సం బోర్డు వెనక ముఖం కూడా ఇంచుమించు 24, 25 దగ్గరే ఉంటుంది. బయటి ఆవిరి సున్నపు గోడ గుండా, థర్మకోల్ అతుకుల సందుల గుండా లోపలికొచ్చి సరిగ్గా అక్కడ నీరవుతుంది. గోడలోంచి పైకెక్కే చెమ్మా దానికి తోడవుతుంది. ఒకటి రెండు వానాకాలాలు గడిచేసరికి అడుగు పట్టీ దగ్గర నల్ల బూజు, ముక్క వాసన వస్తాయి. ఏసీ ఆపగానే గదిలో మట్టి వాసన కొడుతోందంటే బోర్డు వెనక వ్యవహారం మొదలైందని అర్థం. చలి దేశాల్లో ఆవిరి ఇంట్లోంచి బయటికి పోతుంది కాబట్టి అక్కడ ప్లాస్టిక్ పొరను లోపలి వైపు వేస్తారు. మనకు ఏసీ గదిలో దారి తిరగబడుతుంది. పీవీసీ ప్యానెళ్లు, వినైల్ వాల్‌పేపర్, నూనె పెయింటు ఈ గోడకు లోపల పనికిరానిది అందుకే.

ఇంకో లెక్క. మందం సమానమైతే ఇటుక కన్నా థర్మకోల్ ఇంచుమించు ఇరవై రెట్లు వేడిని ఆపుతుంది. అంటే మీ 18 అంగుళాల గోడ ఇప్పటికే ఒక అంగుళం థర్మకోల్‌కు కాస్త అటూఇటూగా పని చేస్తోంది. కానీ దాని అసలు గుణం వేడిని ఆలస్యంగా పంపడం. మధ్యాహ్నం మూడు నాలుగు గంటలకు బయట తగిలిన ఎండ సుమారు పది పన్నెండు గంటలు నడిచి లోపలికి చేరుతుంది. మీరు చెప్పిన రాత్రి ఒంటిగంట పొయ్యిలో గోడ వాటా అదే. కాబట్టి ఆపాల్సింది ఎండ బయట తగిలే చోట.

పని మొదలుపెట్టే ముందు చేత్తో పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి సంపాదించండి. ఎండ కాసిన రోజు సాయంత్రం 5 గంటలకు, రాత్రి 11 గంటలకు, తెల్లవారి 2 గంటలకు కప్పు అడుగు భాగం, పడమటి గోడ, తూర్పు గోడ మూడూ కొలిచి రాసుకోండి. ఇలాంటి ఒంటి అంతస్తు ఇళ్లలో కప్పే మొదటి దొంగగా తేలుతుంది, గోడ రెండోది. డబ్బు ఆ వరసలోనే పెట్టాలి.

గోడ మరమ్మతు ముందు చెబుతాను, ఎందుకంటే ఎండటానికి ఎక్కువ రోజులు పట్టేది అదే.

మొదట ఆ చెమ్మ ఎక్కడిదో తేల్చండి. మూడడుగుల దగ్గర వంకర టింకర గీతగా ఆగి, గీత పొడవునా తెల్లటి ఉప్పు ఉంటే అది నేలలోంచి ఎక్కేది. పైనుంచి చారలుగా దిగితే కప్పుదో తూముదో. బీరువా వెనక, మూలల్లో మాత్రమే బూజు ఉంటే గదిలోని గాలిది. అనుమానం తీరకపోతే పెచ్చు ఊడని చోట అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్‌ను నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అతికించి రెండు రోజులు ఉంచండి. నీరు ఫాయిల్‌కూ గోడకూ మధ్య ఉంటే గోడది, మన వైపు ముఖాన ఉంటే గదిది.

నేలలోంచి ఎక్కేదైతే బయటికెళ్లి చూడండి. పాత పేటల్లో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయి వీధి ఎత్తయింది, ఇంటి నేల పల్లమైంది. దానికి తోడు గోడను ఆనుకుని సిమెంటు చప్టా పోస్తారు. నేలలోని తడి పైకి ఎండే దారి చప్టా మూసేస్తుంది, అప్పుడది గోడ పట్టుకుని ఎక్కుతుంది. గోడ వెంబడి ఒకటిన్నర అడుగు వెడల్పున ఆ చప్టా పగలగొట్టించండి. అడుగు లోతు తవ్వి, అడుగున వీధి కాలువ వైపు వాటం పెట్టి, 20 మిల్లీమీటర్ల కంకరతో నింపండి. పునాది అడుగుభాగం కన్నా లోతుకు మాత్రం పోకూడదు. డాబా తూము నీళ్లు ఈ కంకరలో పడకుండా పైపుతో దూరంగా వదలండి. చాలా ఇళ్లలో గోడ చెమ్మ ఈ ఒక్క పనితోనే తగ్గుముఖం పడుతుంది. చెమ్మ ఎక్కకుండా గోడలోకి ఎక్కించే రసాయనాల ఇంజెక్షన్ల గురించి అడుగుతారేమో, మధ్యలో ఇటుక ముక్కలూ, ఖాళీలూ ఉండే 18 అంగుళాల గోడలో మందు ఏ సందులోకి పోతుందో చెప్పలేం. నేనైతే మొదట దానికి ఖర్చు పెట్టను.

తరవాత సిమెంటు పూత. చెమ్మ గీత కన్నా ఒకటిన్నర అడుగు పైదాకా, అంటే మీకు నాలుగున్నర అడుగుల ఎత్తు వరకు, లోపలా బయటా ఊడగొట్టించండి. సిమెంటు పూత చెమ్మను ఆపదు, ఇంకొంచెం పైకి తరుముతుంది. కొన్నేళ్ల కిందట రెండడుగులున్న గీత ఇవాళ మూడడుగులై ఉంటే కారణం అదే. ఇటుకల మధ్య వదులైన సున్నాన్ని అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతుకు గీకించి, పైకి తేలిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి బయట పారేయండి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. అలా బోడిగా వదిలేసి వారానికోసారి దులుపుతూ ఉండండి. అంగుళం మందానికి ఒక నెల అనేది గోడ ఎండటానికి మోటు లెక్క, కాబట్టి 18 అంగుళాల గోడ పూర్తిగా ఆరడానికి ఏడాదిన్నర పట్టవచ్చు. అన్నాళ్లూ ఆగక్కర్లేదు, సున్నపు పూత వేసినా గోడ దాని గుండా ఎండుతూనే ఉంటుంది. జనవరి చివర ఊడగొట్టి రెండు నెలలు ఆరనిచ్చి, ఏప్రిల్‌లో పూత వేస్తే అక్టోబరు వానలకు ముందే అది గట్టిపడుతుంది.

పూతకు కొలత: కనీసం పదిహేను రోజులు, వీలైతే నెల నీళ్లలో నానిన సున్నం ఒక పాలు, జల్లించిన ఇటుక పొడి ఒక పాలు, ఏటి ఇసుక రెండు పాళ్లు. గుల్ల సున్నమైనా రాతి సున్నమైనా సరే. ఇసుక పెన్న ఇసుక కావాలి, సముద్రం వైపు కాలువల ఇసుక తెస్తే ఉప్పును డబ్బిచ్చి కొన్నట్టే. 14 అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల ఎత్తుకు ఒక వైపు ముక్కాలు అంగుళం మందాన, సందులు నింపడంతో కలిపి, సుమారు ఆరున్నర ఘనపుటడుగుల పొడి సరుకు పడుతుంది. అందులో సున్నం 1.6, ఇటుక పొడి 1.6, ఇసుక 3.2. రెండు వైపులా అయితే రెట్టింపు. పూత రెండు దఫాలుగా, ఒక్కోటి 10 మిల్లీమీటర్లు, మధ్యలో వారం ఎడం. పది రోజులు తడి గోనెపట్టాలు నీడలా వేలాడదీయాలి. ఎండలో ఒక్కరోజు గబగబా ఆరిపోతే వేలితో గీస్తే రాలే పూత మిగులుతుంది. ‘గట్టిగా ఉంటుందని’ మేస్త్రి ఒక బొచ్చె సిమెంటు కలపబోతాడు, దగ్గరుండి ఆపండి. పైన వెల్ల మాత్రమే వేయాలి. బయట గోడ మిగతా భాగానికి వెదర్ ప్రూఫ్ పెయింటు ఉంటే అదీ గీకించి మూడు పూతల వెల్ల వేయించండి. మొదటి ఏడాది ఈ కొత్త పూత మీద కొంచెం ఉప్పు పూస్తుంది. పూత పాడైనట్టు కాదు, ఇటుకకు బదులు అది ఉప్పును తనలోకి తీసుకుంటోంది. దులిపేయండి.

ఇక కప్పు. దీని మీద రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయిస్తే ఈ ఒక్క గదికే దాదాపు 1,900 కిలోల కొత్త బరువు టేకు దంతెల మీద పడుతుంది. తడి ఉన్న సున్నపు కాంక్రీటు మీద తారు షీటు అతికిస్తే ఆ తడి కిందికే దిగాలి. కింద ఫాల్స్ సీలింగ్ కూడా ఉంటే అదీ దారి మూసినట్టే, అప్పుడు గోడలోకి దూరిన దంతెల కొనలు పుచ్చుతాయి. పైన మూస్తే కింద తెరిచి ఉండాలి, కింద మూస్తే పైన. ఈ కప్పుకు వాన పైనుంచి పడుతుంది కాబట్టి, కింద ఇటుకలూ దంతెలూ వెల్లతో అలాగే కనబడుతూ ఉండనివ్వండి. దంతె కొనల్లో సన్నటి మేకు గుచ్చి చూడండి, పావు అంగుళం కన్నా సులువుగా దిగితే వేడి సంగతి తరవాత, ముందు వడ్రంగిని పిలవాలి.

చీలికల్ని సున్నం, ఇటుక పొడితో పూడ్చి, ఫిబ్రవరిలో డాబా మీద వెల్ల వేయించండి. 3 కిలోల సున్నానికి 15 లీటర్ల నీళ్లు, కాస్త గంజి. ఈ గది కప్పుకు రెండు పూతలు వస్తాయి. వానలకు పోతుంది కాబట్టి ఏటా వేయాలి. దాని పైన ఏడడుగుల ఎత్తున పైపుల పందిరి కట్టి 75 శాతం నీడనిచ్చే వల కప్పండి. పైపు కాళ్లు గోడల నెత్తిన నిలబడాలి, దంతెల మధ్య కాదు. గాలి అన్ని వైపులా ఆడాలి. సెప్టెంబరు ఆఖరుకు వల విప్పేయకపోతే తుపాను విప్పుతుంది, పైపులతో సహా.

పడమటి గోడకూ అలాంటి వలే, గోడకు రెండడుగుల ఎడంలో నేల నుంచి కప్పు దాకా. తీగలు పాకించాలనుకుంటే ఆ వల మీదికే పాకించండి, గోడ మీద తీగ ఆకుల కింద చెమ్మ నిలుస్తుంది. వట్టివేళ్ల తడికలు మేలో పడమటి వడగాలి వీచే గంటల్లో కిటికీకి బాగా పనిచేస్తాయి. సముద్రపు గాలి తిరిగాక వాటిని తడిపితే ఉక్క పెరుగుతుంది తప్ప చల్లదనం రాదు.

ఏసీని 26, 27 మీద పెట్టి ఫ్యాను తిప్పుకోండి. మే నెలలో 40 డిగ్రీలు, 40 శాతం తేమ ఉన్న గాలి 24 దగ్గర చెమరుస్తుంది, 26లో గోడ పొడిగానే ఉంటుంది. వానాకాలంలో మాత్రం 26 అయినా చాలదు, అప్పుడు రాత్రంతా కాకుండా పడుకునే ముందు గంటో రెండు గంటలో నడిపి, పొద్దున కిటికీలు తెరవండి. బీరువా, మంచం తల పడమటి గోడకు మూడంగుళాల ఎడంగా జరపండి. వచ్చే మేలో అవే మూడు వేళల్లో అవే మూడు చోట్ల మళ్లీ కొలిచి చూడండి. కప్పు తగ్గి, గోడ ఇంకా వేడిగా ఉంటే అప్పుడు బయటి వైపు ఇన్సులేషన్ గురించి మాట్లాడుకోవచ్చు, అదీ ఫాయిల్ పరీక్షలో గోడ పొడిగా తేలితేనే.