ఐదో నెలకి రెండు కిలోలే పెరిగితే తక్కువా?

ప్రశ్న: నాకిది మొదటి కాన్పు, ఇప్పుడు 20 వారాలు. ఎత్తు 155 సెంటీమీటర్లు. పెళ్లయ్యాక 50 కిలోలు ఉండేదాన్ని, వాంతులతో మూడో నెల చివరికి 49కి దిగాను, ఇప్పుడు 52. అమ్మ ఇద్దరికి సరిపడా తినమంటోంది. అత్తయ్య ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై ఆపరేషన్ అవుతుందంటున్నారు. బొప్పాయి, నువ్వులు, గుడ్డు వద్దట. ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందట. ఏం చేయను?

జవాబు: మీరు 50 నుంచి లెక్కపెట్టుకుంటే రెండు కిలోలే, తక్కువనిపిస్తుంది. మూడో నెల చివరి 49 నుంచి చూడండి. ఎనిమిది వారాల్లో మూడు కిలోలు, అంటే వారానికి 400 గ్రాముల దాకా. మీ ఎత్తుకి 50 కిలోలు సరైన బరువే కాబట్టి నాలుగో నెల నుంచి పెరగాల్సింది దాదాపు ఇంతే. వాంతుల రోజుల్లో ఒకటి రెండు కిలోలు తగ్గడం చాలామందికి జరిగేదే. ఇదే వేగంతో వెళ్తే తొమ్మిది నిండేసరికి 60 దగ్గరికి వస్తారు. మన డాక్టర్లు సాధారణంగా చెప్పే 10 నుంచి 12 కిలోల లెక్కలోనే ఉంటారు. మొదటినుంచే బరువు ఎక్కువున్నవాళ్లకి ఈ లెక్క తక్కువ, మరీ సన్నగా ఉన్నవాళ్లకి ఎక్కువ. అందుకే ఆడపడుచుతోనో పక్కింటావిడతోనో పోల్చుకోవద్దు.

అమ్మగారి మాటకొస్తే, ఇద్దరికి సరిపడా తిండి అక్కర్లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది నాలుగో నెల నుంచి రోజుకి అదనంగా 350 కేలరీలు. అంటే ఒక గ్లాసు పాలు, ఒక ఉడికిన గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు. రెండో ప్లేటు అన్నంతో అది పూడ్చుకుంటే బరువు పెరుగుతుంది కానీ బిడ్డకి కావాల్సిన మాంసకృత్తులు అందవు. అన్నం మామూలుగానే పెట్టుకుని పప్పు గరిటె ఒకటి పెంచండి, పక్కన పెరుగు, ఆకుకూర ఉండేలా చూసుకోండి.

అత్తయ్యగారి భయం నాకు బాగా తెలుసు. మా ఇంట్లోనూ ఏడో నెల రాగానే నాకు రాత్రి అన్నం తగ్గించాలన్నారు. అప్పటికే నా హిమోగ్లోబిన్ 9.4, గర్భిణికి 11 కంటే తగ్గకూడదు. డాక్టరమ్మ మా అత్తగారిని ఎదురుగా కూర్చోబెట్టి, తిండి తగ్గిస్తే కాన్పు సులువు కాదు, తల్లికి రక్తం తగ్గి బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ప్రమాదం పెరుగుతుందని విడమరిచి చెప్పారు. ఆ రోజు నుంచి మా అత్తగారే నాకు గుడ్లు ఉడికించి ఇచ్చారు. మీరు కూడా వచ్చే చెకప్‌కి ఆవిణ్ణి వెంట తీసుకెళ్లండి. ఇంట్లో మన మాట కంటే అక్కడ విన్న మాట ఎక్కువ నిలుస్తుంది.

బొప్పాయి విషయంలో పెద్దవాళ్ల మాట సగం నిజం. పచ్చి కాయలో, దోరకాయలో పాలు ఉంటాయి. ఎలుకల మీద పరీక్షించినప్పుడు ఆ పాలు గర్భసంచిని ముడుచుకునేలా చేశాయి. కాబట్టి పచ్చి బొప్పాయి కూర వద్దు. బాగా పండిన దాంట్లో ఆ పాలు దాదాపు ఉండవు, తినొచ్చు. ఇంట్లో గొడవెందుకనుకుంటే జామకాయ తినండి, సి విటమిన్ ఇంకా ఎక్కువే. నువ్వులు పొడిగానో ఉండగానో వంటలో వాడే మోతాదులో తింటే గర్భం పోతుందనడానికి ఆధారం లేదు. పైగా వాటిలో కాల్షియం, ఇనుము ఉన్నాయి. గుడ్డు వేడి చేస్తుందని మానొద్దు, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికితే చాలు. నిజంగా దూరం పెట్టాల్సినవి వేరే ఉన్నాయి: కాచని పాలు, సరిగా ఉడకని మాంసం, బండి మీద కోసిపెట్టిన పండ్లు, పానీపూరీ నీళ్లు.

ఐరన్ మాత్రలు మాత్రం దయచేసి ఆపకండి. బిడ్డ రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది, మాత్ర నల్లబరిచేది మీ విరేచనాన్నే. కుంకుమపువ్వు పాలు కూడా రంగు మార్చవు. ఐరన్‌ని కాల్షియంతో కలిపి వేసుకోవద్దు, ఒకటి పొద్దున, ఒకటి రాత్రి అనుకోండి. భోజనం కాగానే ఇరానీ చాయ్ తాగే అలవాటుంటే గంటైనా ఆగండి, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. మాత్రతో నిమ్మరసం మంచిది. మలబద్ధకం, వికారం ఎక్కువైతే మానేయకుండా డాక్టర్‌ని వేరే రకం మాత్ర అడగండి.

బరువు వారానికోసారి, ఒకే మెషీన్ మీద, పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక చూసుకోండి. రెండు మూడు వారాలు అసలు కదలకపోతే డాక్టర్‌కి చెప్పండి. ఒక్క వారంలోనే కిలో దాటి పెరిగి, ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి లేదా చూపు మసకబారడం ఉంటే అది తిండి వల్ల కాదు, బీపీ పెరిగి ఉండొచ్చు. తర్వాతి చెకప్ దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.