ఎక్స్‌పైరీ స్ట్రాడిల్‌లో ఒక్క దెబ్బకు ఆర్నెల్లు ఎట్లా పోతాయి?

"అన్నా, మాది అనంతపురం. ప్రతి మంగళవారం నిఫ్టీ స్ట్రాడిల్ అమ్ముతాండా, రెండు లాట్లు. వారం వారం వస్తాంది. ఒక్క రోజులో అంతా పోతుందంటారే, స్టాప్‌లాస్ పెట్టినా పోతుందా?"

పోతుంది తమ్ముడూ. లెక్క ఇదిగో.

పొద్దున 9:20కి నిఫ్టీ 25,000 అనుకో. అదే 25,000 స్ట్రైక్‌లో కాల్ 60, పుట్ 60కి రెండూ అమ్మినావు, అదే స్ట్రాడిల్, చేతికి 120 పాయింట్లు. లాటుకు 65 చొప్పున రెండు లాట్లంటే 130. బాగున్న రోజు 35 పాయింట్లు మిగిలితే 4,550 రూపాయలు. రెండు కాళ్లకూ 25 శాతం స్టాప్ తగిలిన రోజు 3,900 పోతుంది. మూడు మంచి వారాలు, ఒక చెడ్డ వారం వేసుకుంటే ఖర్చులు పోను నెలకు 9,000 దాకా వస్తుంది.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు. నిఫ్టీ కదల్లేదు, రెండింటి ప్రీమియం కలిపి 45కి కరిగింది. స్క్రీన్ మీద 9,750 లాభం కనబడుతుంది. ఇక్కడే చాలామంది రెండు తప్పులు చేస్తారు: స్టాప్ తీసేస్తారు, "ఇంకెక్కడికి పోతుందిలే" అని 45కే ఇంకో రెండు లాట్లు అమ్ముతారు. క్లాక్ టవర్ దగ్గర టీ తాగొచ్చే లోపల ఏదో వార్త, 24,700. పాత లాట్ల మీద నష్టం 180 పాయింట్లు, అంటే 23,400. కొత్తవాటి మీద 255 పాయింట్లు, 33,150. మొత్తం 56,550. ఆరు నెలల సంపాదన. ఎక్కువ పోయింది పొద్దున అమ్మినదానిలో కాదు, తక్కువ ప్రీమియానికి మధ్యాహ్నం అమ్మినదానిలో. ఆఖరి గంటలో ఎట్-ద-మనీ పుట్ మొదటి 50 పాయింట్లు దాటిందంటే, ఇక ఇండెక్స్ ఎంత పడితే దాదాపు అంతా పెరుగుతుంది.

స్టాప్ ఉంచినా సరిపోదు. ఇండెక్స్ ఆప్షన్లలో ఎస్‌ఎల్-మార్కెట్ ఆర్డర్‌ను ఎన్‌ఎస్‌ఈ 2021లోనే ఆపేసింది, కాబట్టి ఎస్‌ఎల్-లిమిటే గతి. ట్రిగ్గర్ 75, లిమిట్ 77 పెట్టినావనుకో. ధర 74 నుంచి ఒక్క ఎగురుకు 90కి పోతే ట్రిగ్గర్ పడుతుంది గానీ ఆర్డర్ పెండింగ్‌లోనే ఉంటుంది. ఆర్డర్ బుక్‌లో "ఓపెన్" అని చూసి స్టాప్ పని చేస్తోందనుకుంటారు. లిమిట్‌కు కనీసం 10, 15 రూపాయల ఎడం ఇవ్వు. అది కూడా హామీ కాదు.

అందుకే రెక్కలు కొనాల. 24,800 పుట్, 25,200 కాల్ రెండూ కలిపి 18కి దొరికాయనుకో, గరిష్ఠ నష్టం 98 పాయింట్లే, అంటే 12,740. లాభం తగ్గుతుంది, నిజమే. ముందు రెక్కలు కొని తర్వాత అమ్ము, మార్జిన్ కూడా బాగా తగ్గుతుంది. బయటికొచ్చేటప్పుడు తలకిందులు: అమ్మినవి మూసేశాకే రెక్కలు అమ్ము. మిగిలిన ఆ మార్జిన్‌తో లాట్లు పెంచితే మాత్రం మళ్లీ మొదటికే.