మిథైల్ ఎసిటేట్ హైడ్రాలసిస్: రెండు k విలువల నుంచి Ea

ప్రశ్న: మాది నల్గొండ, బీఎస్సీ చదువుతున్న. ఆమ్లంతో మిథైల్ ఎసిటేట్ హైడ్రాలసిస్ చేస్తే 30 డిగ్రీల దగ్గర రేటు స్థిరాంకం k 0.0040, 40 దగ్గర 0.0088 (నిమిషానికి) వచ్చినయ్. ఉత్తేజన శక్తి Ea 0.79 కిలోజౌల్స్ అని తేలింది. ఎక్కడ తప్పింది సార్?

జవాబు: మీ k విలువలు బాగానే ఉన్నయ్ తమ్ముడూ. సూత్రంలో 30, 40 అని సెల్సియస్‌లోనే వేసిండ్రు, 0.79 అందుకే వచ్చింది. కెల్విన్‌లోకి మార్చి మళ్లీ చేయండి:

```
ln(k2/k1) = (Ea/R) × (T2 − T1)/(T1 × T2)
ln(0.0088/0.0040) = ln 2.2 = 0.7885
10/(303.15 × 313.15) = 1.053 × 10⁻⁴
Ea = 0.7885 × 8.314/(1.053 × 10⁻⁴) ≈ 62200 J/mol
```

అంటే మోల్‌కు 62 కిలోజౌల్స్. క్యాలిక్యులేటర్‌లో ln బదులు log నొక్కితే 2.303తో గుణించాలి. ఒక గుర్తు పెట్టుకోండి: 30 నుంచి 40కి పోయినప్పుడు k సరిగ్గా రెట్టింపైతే Ea దాదాపు 55 వస్తది. మీకు 2.2 రెట్లు పెరిగింది కాబట్టి 62 రావడం సబబే.

లెక్క కంటే ఎక్కువగా దెబ్బ తీసేది ఉష్ణోగ్రత. తేడా పది డిగ్రీలే కాబట్టి ఒక్క డిగ్రీ పొరపాటు పదో వంతు తప్పు. వాటర్ బాత్ 40 చూపించినా ఫ్లాస్కులోపల 39 ఉంటే అసలు Ea 69, మీరు మాత్రం 62 అని రాసుకుంటరు. చల్లటి ఎస్టర్‌ను వేడి ఆమ్లంలో పోస్తే ఇట్లనే అయితది. రెండింటినీ వేర్వేరుగా మూత పెట్టి పావుగంట బాత్‌లో ఉంచి, ఆ తర్వాతే కలపండి. థర్మామీటర్ ఫ్లాస్కు లోపలే ఉండాలె.

మన దిక్కు ఎండకాలంలో ఇంకో చిక్కుంది. మధ్యాహ్నం ల్యాబే 36 ఉంటే, వేడి చేయడం తప్ప చల్లబరచడం తెలియని బాత్‌ను 30కి పెట్టినా లాభం లేదు, నీళ్లు 36 దగ్గరే ఉంటయ్. ఐసు ముక్కలు వేసుకుంటూ నిలపాలె, లేకుంటే 30 రీడింగు పొద్దుగాలే తీయాలె. 50కి పోదామంటే మిథైల్ ఎసిటేట్ 57 దగ్గరే మరుగుతది, అప్పటికే ఆవిరై పోతుంటది.

ఆమ్లం రెండుసార్లూ ఒకే సీసాలోది వాడండి. ఈ k ఆమ్లం గాఢత మీద ఆధారపడుతది. ఒకసారి 0.50 N, ఇంకోసారి 0.55 N అయితే k పదో వంతు మారుతది, సూత్రం దాన్ని కూడా ఉష్ణోగ్రత ఖాతాలోనే వేస్తది.

రెండు బిందువుల గుండా ఎప్పుడైనా గీత పోతది, కాబట్టి అందులో తప్పుందో లేదో అదే చెప్పదు. 35 దగ్గర ఇంకొక్క రీడింగు తీయండి. మీ 62 నిజమైతే అక్కడ k 0.0060 దగ్గర రావాలె. 0.0052 వచ్చిందంటే మూడిట్లో ఏదో ఒకటి తప్పు, ముందు 30 రీడింగునే అనుమానించండి.