బెంగళూరు నుంచి అమెరికా వీసాకి: ఏ ఊరు, ఏ భవనం, ఏ గేటు?

ప్రశ్న: మేం మారతహళ్ళిలో ఉంటాం. మా అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటు వచ్చింది, ఐ-20 కూడా చేతికొచ్చింది. పాస్‌పోర్టులో మాత్రం అనంతపురం అడ్రసే ఉంది. కాబట్టి హైదరాబాద్ వెళ్ళాలని మా బావగారు అంటున్నారు. బెంగళూరులోనే అమెరికన్ కాన్సులేట్ పెట్టారని పేపర్లో చదివాను. అమ్మాయేమో చెన్నై అంటోంది, అక్కడ కూడా రెండు చోట్లకి వెళ్ళాలట. అసలు ఎక్కడికి వెళ్ళాలి, సరైన చోటుకే వెళ్తున్నామని ఎలా తెలుస్తుంది?

జవాబు: అమ్మాయి చెప్పిందే సరైనది. చెన్నైలో రెండు వేర్వేరు చోట్లు, రెండు వేర్వేరు రోజులు.

ముందు బెంగళూరు సంగతి. పేపర్లో మీరు చూసింది నిజమే. 2025 జనవరిలో బెంగళూరులో అమెరికన్ కాన్సులేట్‌ని ప్రారంభించారు. కానీ వీసా పనులు ఇప్పుడే కాదు, తర్వాతేనని అప్పుడే చెప్పారు. కాన్సులేట్ అనే బోర్డు ఉన్నంత మాత్రాన వీసా కిటికీ ఉంటుందని కాదు. వ్యాపార సంబంధాలు చూసే కార్యాలయం కూడా ఆ పేరుతోనే ఉండొచ్చు. తేల్చుకోవడానికి ఒకటే దారి: అపాయింట్‌మెంట్ బుక్ చేసే పేజీలో ఇంటర్వ్యూ ఊళ్ళ జాబితా తెరిచి చూడండి. ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ కనిపిస్తాయి. అందులో లేని ఊళ్ళో ఇంటర్వ్యూ ఉండదు, పేపర్లో ఏం రాసినా సరే.

ఇక బావగారి మాట. కర్ణాటక, తమిళనాడు, కేరళ చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా హైదరాబాద్ కిందికి వస్తాయి. ఆయన ఆ లెక్కన చెప్పి ఉంటారు. అయితే అమెరికా స్టూడెంట్ వీసాకి ఈ హద్దులు గట్టిగా పట్టించుకోరు. భారతదేశంలో ఉంటున్న భారతీయులు ఈ ఐదింట్లో ఎక్కడైనా స్లాట్ తీసుకోవచ్చు. పాస్‌పోర్టులో అనంతపురం ఉందని చెన్నైలో ఎవరూ వెనక్కి పంపరు. మీకు చెన్నై దగ్గర కాబట్టి చెన్నై. అక్కడ తేదీలు దొరక్కపోతే హైదరాబాద్ కూడా చూసుకోవచ్చు.

అయితే బావగారి మాటని పూర్తిగా కొట్టిపారేయొద్దు. రేపు రెండో పిల్లాడు జర్మనీ అన్నాడనుకోండి, లెక్క మారిపోతుంది. అక్కడ ఎక్కడ ఉంటున్నామన్నదే చూస్తారు. బెంగళూరులో జర్మన్ కాన్సులేట్ ఉంది, కర్ణాటక దాని కిందికే వస్తుంది. పాస్‌పోర్టులో వేరే రాష్ట్రం అడ్రస్ ఉంటే బెంగళూరులో ఉంటున్నట్టు అద్దె అగ్రిమెంటు లాంటి రుజువు చూపించాల్సి వస్తుంది. కాబట్టి పక్కింటివాళ్ళ అనుభవాన్ని వేరే దేశానికి వాడుకోకూడదు.

ఇప్పుడు చెన్నైలోని రెండు చోట్లు. మొదటిది వీసా అప్లికేషన్ సెంటర్. అక్కడ వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, అంతే. అమెరికన్ ఆఫీసరు అక్కడ ఉండరు. రెండోది కాన్సులేట్, అసలు ఇంటర్వ్యూ అక్కడే. వేలిముద్రలు ముందు అయిపోవాలి, ఆ తర్వాతే ఇంటర్వ్యూ. బుకింగ్ పేజీలో ఈ రెండింటికీ విడివిడిగా ఊరు, తేదీ ఎంచుకోవాలి. CHENNAI VAC అని ఉంటే అది వేలిముద్రల సెంటర్, ఒట్టి CHENNAI అని ఉంటే కాన్సులేట్. స్లాట్లు తెరుచుకున్న తొందర్లో ఒకదానికి చెన్నై, ఇంకోదానికి హైదరాబాద్ నొక్కేసినవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. బుక్ కాగానే కన్ఫర్మేషన్ కాగితం ప్రింటు తీసి, రెండు వరుసల్లోనూ ఊరి పేరుని వేలు పెట్టి చదవమనండి.

ఆ కాగితమే మీ అసలు ఆధారం. మ్యాప్ కాదు, యూట్యూబ్ కాదు, పోయినేడు వెళ్ళొచ్చిన సీనియర్ కాదు. అడ్రసులు మారతాయి. హైదరాబాద్‌నే చూడండి. కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉండేది, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకి మారింది. వేలిముద్రల సెంటర్ కూడా అదే ఏడాది హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోకి వెళ్ళిపోయింది. బేగంపేట గురించి రాసిన పాత పోస్టులు ఇంకా నెట్‌లో అలాగే ఉన్నాయి, చదివేవాళ్ళకి తేదీ కనబడదు. అందుకే బుక్ చేసిన రోజు ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఇంకోసారి కన్ఫర్మేషన్‌లోని అడ్రస్‌ని కాన్సులేట్ సొంత సైటుతో పోల్చి చూసుకోండి. ఆ సైటు in.usembassy.gov. బుకింగ్ జరిగేది usvisascheduling.com లో. దీని చివర .gov లేదు కదా అని కంగారు పడేవాళ్ళున్నారు. కాన్సులేట్ సైటులోని లింకు పట్టుకుని వెళ్తే అనుమానం ఉండదు. సెర్చ్‌లో పైన వచ్చే ప్రకటనల లింకులు మాత్రం ముట్టుకోవద్దు, చాలావరకు ఏజెంట్లవి. మ్యాప్‌లో కూడా కన్సల్టెన్సీలు తమ ఆఫీసుకి 'యూఎస్ వీసా సెంటర్' అని పేరు పెట్టుకుంటాయి.

చెన్నైలో అసలు తికమక పడేది ఎక్కడో చెబుతాను. కాన్సులేట్ అడ్రస్ 220, అణ్ణా సాలై, జెమినీ సర్కిల్, పిన్ 600006. అణ్ణా సాలై, కెథడ్రల్ రోడ్డు కలిసే మూల మీద ఉంటుంది. దీన్ని కనుక్కోవడం తేలిక, 'జెమినీ ఫ్లైఓవర్ దగ్గర అమెరికన్ ఎంబసీ' అంటే ఆటోవాళ్ళందరికీ తెలుసు (అది ఎంబసీ కాదని వాదించకండి, అక్కడ అందరూ అలాగే అంటారు). చిక్కంతా ఇదే: మీరు వేలిముద్రల రోజు కూడా 'అమెరికా వీసా' అంటే ఆటో నేరుగా జెమినీకే వెళ్తుంది.

వేలిముద్రల సెంటర్ ఉన్నది గుడ్ షెపర్డ్ స్క్వేర్, 82, కోడంబాక్కం హై రోడ్, నుంగంబాక్కం, పిన్ 600034. ఈ ఒక్క అడ్రస్‌లో మూడు చోట్ల దారి తప్పొచ్చు. కోడంబాక్కం హై రోడ్ అని ఉన్నా భవనం ఉన్నది నుంగంబాక్కంలో. కోడంబాక్కం అంటే రైలు పట్టాలకి అవతలి పేట, దాని పిన్ 600024. 'నుంగంబాక్కంలో హై రోడ్' అంటే నుంగంబాక్కం హై రోడ్ అనే ఇంకో పెద్ద రోడ్డుకి తీసుకెళ్తారు. ఇక ఒట్టి 'గుడ్ షెపర్డ్' అన్నారంటే, కాలేజ్ రోడ్డులో అదే పేరుతో పేరున్న స్కూలుంది, అక్కడ దింపుతారు. అన్నీ దగ్గరదగ్గరే, కానీ ఉదయం ట్రాఫిక్‌లో స్లాటు టైము దాటిపోవడానికి ఆ మాత్రం చాలు.

కాబట్టి పేరు నోటితో చెప్పకుండా పూర్తి అడ్రస్ కాగితం మీద రాసి ఇవ్వండి, లేదా క్యాబ్ యాప్‌లో భవనం పేరూ రోడ్డు పేరూ రెండూ కొట్టి, వచ్చిన అడ్రస్‌లో పిన్‌కోడ్ 600034 ఉందో లేదో చూసి ఒప్పుకోండి. 600024 కనిపిస్తే అది వేరే చోటు. పిన్‌కోడ్ చూసే అలవాటు మన వాళ్ళకి లేదుగానీ, పేర్లు ఇలా కలిసిపోయిన ఊళ్ళో అంతకంటే త్వరగా తేల్చేది లేదు.

మీ ప్రయాణాన్నే తీసుకుందాం. అమ్మాయికి బుధవారం ఉదయం వేలిముద్రలు, గురువారం ఉదయం ఇంటర్వ్యూ ఉన్నాయనుకోండి. మంగళవారం సాయంత్రానికి చెన్నై చేరండి. బుధవారం తెల్లవారుజామున రైలు దిగి నేరుగా వెళ్దామని అనుకోవద్దు, రైలు ఆలస్యమైతే చేసేదేమీ ఉండదు. సెంట్రల్‌లో గానీ ఎయిర్‌పోర్టులో గానీ బ్లూ లైన్ మెట్రో ఎక్కితే అణ్ణా సాలై కిందుగానే వెళ్తుంది. థౌజండ్ లైట్స్, ఏజీ-డీఎంఎస్ స్టేషన్లు రెండూ జెమినీకి చెరో వైపు. టీ నగర్‌లోనో నుంగంబాక్కంలోనో గది తీసుకుంటే రెండు చోట్లూ దగ్గరే.

మంగళవారం సాయంత్రమే కోడంబాక్కం హై రోడ్‌లోని భవనం ముందుకి ఒకసారి వెళ్ళిరండి. అదొక ఆఫీసుల కాంప్లెక్సు. లోపలికి దారి ఎటు, లిఫ్ట్ ఎక్కడ అని కింద సెక్యూరిటీని అడగండి. బుధవారం పని అయ్యాక జెమినీ దగ్గరికి కూడా అలాగే వెళ్ళండి. అంత పెద్ద కాంపౌండ్‌కి ఒక్క గేటే ఉండదు. ఉద్యోగుల దారి, లైబ్రరీకి వచ్చేవాళ్ళ దారి, వీసా దారి ఒకటే అనుకోవద్దు. మ్యాప్‌లో ఎర్ర గుర్తు భవనం నడిమధ్యన పడుతుంది, గేటు మీద కాదు. పైగా ఆ సర్కిల్ దగ్గర రోడ్డుకి అవతల దిగితే మళ్ళీ చుట్టూ తిరిగి రావాలి. 'విసా ఇంటర్వ్యూ గేట్ ఎంగే?' అని గోడ పక్కన నిలబడ్డ గార్డుని అడిగితే చాలు, చూపిస్తారు. ఫోటోలు మాత్రం తీయొద్దు, ఊరుకోరు. గేటుకి ఏ పక్క ఆటో ఆగుతుందో గుర్తు పెట్టుకుంటే గురువారం పొద్దున హడావుడి ఉండదు.

మీరు లోపలికి వెళ్ళలేరు, అది ముందే మనసులో పెట్టుకోండి. పెద్దపిల్లల వెంట తల్లిదండ్రులను రానివ్వరు. ఫోను, ల్యాప్‌టాప్, బ్యాగు కాన్సులేట్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, అక్కడ దాచిపెట్టుకునే సదుపాయమూ ఉండదు. వేలిముద్రల సెంటర్‌కి కూడా ఫోను లేకుండా పంపడమే మేలు. అంటే ఆమె ఫోను మీ జేబులో ఉంటుంది, బయటికొచ్చాక ఆమె మీకు కాల్ చేయలేదు. కన్ఫర్మేషన్ కూడా ఫోనులో ఉంటే పనికిరాదు, ప్రింటు చేతిలో ఉండాలి. ఎక్కడ నిలబడతారో ముందు రోజు గేటు చూసినప్పుడే ఇద్దరూ కలిసి అనుకోండి. ఫలానా బస్టాపు అనో ఫలానా హోటల్ మెట్లు అనో కచ్చితంగా ఒకే చోటు. మీ నంబరు ఆమెకి నోటికి రావాలి. ఈ రోజుల్లో పిల్లలకి నాన్న నంబరు నోటికి రాదు, ఒకసారి అడిగి చూడండి.

ఒకవేళ బుధవారం పొరపాటున జెమినీకే వెళ్ళిపోతే, క్యూలో నిలబడి అడుగుదామని ఆగిపోవద్దు. గార్డు కాగితం చూసి ఇక్కడ కాదని చెప్పేలోపు ఉన్న టైము అయిపోతుంది. వెంటనే ఆటో ఎక్కితే చాలాసార్లు అందుకోవచ్చు.

చివరగా, బుకింగ్‌లో బెంగళూరు పేరు కనిపించే చోటు ఒకటుంది: వీసా ముద్ర పడ్డాక పాస్‌పోర్టు ఎక్కడ తీసుకుంటారని అడిగే జాబితా. ఇంటర్వ్యూ చెన్నైలో జరిగినా పాస్‌పోర్టు బెంగళూరులో తీసుకోవచ్చు. దాన్ని ఎంచుకుంటే చెన్నైకి ఇంకోసారి వెళ్ళే పని తప్పుతుంది. ఆ కౌంటర్ అడ్రస్‌ని కూడా పాస్‌పోర్టు సిద్ధమైందని మెసేజ్ వచ్చిన రోజే అదే సైటులో చూసుకుని బయల్దేరండి.