నాన్న చనిపోయి ఏడేళ్లయింది, డెత్ సర్టిఫికెట్ ఇప్పుడెలా?

"మాది ఆదోని దగ్గర పల్లె. నాన్న 2018లో కర్నూలులో అక్క వాళ్ళింట్లో ఉండగా చనిపోయారు. అంత్యక్రియలు ఊర్లోనే చేశాం, ఎక్కడా నమోదు చేయించలేదు. ఇప్పుడు పొలం అమ్మ పేరు మీదకు మార్చాలంటే డెత్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. మా ఊరి సచివాలయంలో ఇస్తారా?"

మీ ఊర్లో ఇవ్వరండీ. జననమైనా మరణమైనా అది జరిగిన చోటే నమోదు కావాలి. మీ విషయంలో అది కర్నూలు నగరపాలక సంస్థ. అంత్యక్రియలు ఎక్కడ జరిగాయి, ఆధార్‌లో ఏ ఊరుంది అన్నవి లెక్కలోకి రావు. మేం ఇది తెలియక ఐదు నెలలు పోగొట్టుకున్నాం.

మాది అనంతపురం జిల్లా. మా అవ్వ 2014లో పత్తికొండ దగ్గర మా అత్త వాళ్ళ ఊర్లో పోయింది. మేం మా ఊరి పంచాయతీలోనే "రికార్డులో లేదు" అని కాగితం తీసుకుని, దానితో దరఖాస్తు పెట్టాం. మరణం ఇక్కడ జరగలేదు కాబట్టి ఇది మా పరిధి కాదని ఫైలు వెనక్కి పంపారు. సచివాలయం గోడకు అంటించిన సర్క్యులర్‌ను అప్పుడు కానీ నిదానంగా చదవలేదు.

అందులో ఉన్నది ఇది. 21 రోజుల్లోపు తెలియజేస్తే మామూలు నమోదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుము కట్టి చేయించుకోవచ్చు. 30 రోజులు దాటి ఏడాదిలోపైతే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. ఈ చివరిదే మీకు వర్తిస్తుంది. ఇంతకుముందు చట్టంలో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ అని ఉండేది. 2023 సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ పని జిల్లా మేజిస్ట్రేట్, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్, లేదా జిల్లా మేజిస్ట్రేట్ అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ చేస్తారు. మన వాడుకలో ఆర్డీవో ఆఫీసు అనుకోండి. అదీ మరణం జరిగిన ప్రాంతం ఎవరి పరిధిలో ఉంటే వాళ్ళే. అంటే మీరు వెళ్ళాల్సింది కర్నూలు డివిజన్‌కు, ఆదోనికి కాదు.

ముందు నగరపాలక సంస్థలో 2018 రికార్డు వెతికించండి. ఎవరైనా అప్పుడే నమోదు చేయించి ఉంటే ఈ తిరుగుడంతా అక్కర్లేదు, నేరుగా సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా రెండు రకాలుగా చూడమనండి. లేదని తేలితే ఫారం 10 ఇస్తారు. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు చూడండి, అదే. అది లేకుండా ఆలస్య నమోదు ఫైలు కదలదు. దానికి మరణ నివేదిక ఫారం 2, అఫిడవిట్, నాన్న ఆధార్ లేదా రేషన్ కార్డు, ఆ రోజు అక్కడున్న ఇరుగుపొరుగు వాళ్ళ వాంగ్మూలం జతచేసి మీసేవ ద్వారా పెట్టండి. విచారణకు వచ్చినప్పుడు మీ అక్క, పక్కింటివాళ్ళు ఇంట్లో ఉండేలా చూసుకోండి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది తేదీ. మా రెండో దరఖాస్తు ఇక్కడే చిక్కుకుంది. అఫిడవిట్‌లో చిన్నాయన 2014 సెప్టెంబరు 9 అని రాయించాడు. అత్తేమో వినాయక చవితి మరుసటి రోజు అని చెప్పింది. విచారణలో ఇద్దరి మాటా కలవలేదు. ఇంటికొచ్చి పాత క్యాలెండర్ తీస్తే ఆ ఏడాది చవితి ఆగస్టు 29, అంటే మరణం 30న. చిన్నాయనకు గుర్తున్నది పదకొండో రోజు, పెద్ద దినం. మనవాళ్ళకు తిథి, పండగ గుర్తుంటాయి కానీ తేదీ గుర్తుండదు. కాబట్టి మీరూ అక్కనూ అమ్మనూ విడివిడిగా అడగండి, ఆ ఏడాది పంచాంగంతో సరిచూసుకోండి. పింఛను పుస్తకం ఉంటే చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో కూడా చూడండి. తేదీ తేలాకే అఫిడవిట్ రాయించండి. అన్ని కాగితాల్లో ఒకే తేదీ, ఒకే స్పెల్లింగ్ ఉండాలి. పాస్‌బుక్‌లో నాన్న పేరు ఎలా ఉందో అలాగే రాయించండి, పొలం మార్చేటప్పుడు పోల్చేది దానితోనే.

ఉత్తర్వు చేతికొచ్చిందని మా నాన్న దాన్నే తీసుకుని పొలం పనికి తహసీల్దారు ఆఫీసుకు వెళ్ళిపోయారు. అది సర్టిఫికెట్ కాదు. నమోదు చేయమని రిజిస్ట్రారుకు ఇచ్చిన ఆదేశం. దాన్ని మళ్ళీ నగరపాలక సంస్థకు ఇచ్చి, రుసుము కట్టి, రిజిస్టరులో ఎక్కించుకోవాలి. నమోదైన ఏడు రోజుల్లోపు సర్టిఫికెట్ ఇవ్వాలని సవరించిన చట్టంలోనే ఉంది. ఫారం 6 అనే ఆ కాగితమే మీ అమ్మ పేరు మీద పొలం మార్చడానికి పనికొస్తుంది. తీసుకున్న చోటే పేరు, తేదీ, మరణించిన స్థలం చదివి చూసుకోండి. తప్పుంటే అక్కడే చెప్పండి, ఊరికి చేరాక కనబడితే దిద్దుబాటుకు మళ్ళీ వేరే దరఖాస్తు పెట్టుకోవాల్సి వస్తుంది.