సన్న ల్యాప్‌టాప్‌కు బయట గ్రాఫిక్స్ బాక్సు: డబ్బు పెట్టొచ్చా?

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ చాలా సన్నది. విండోస్, థండర్‌బోల్ట్ 4 పోర్టు ఉన్నాయి. బయట బాక్సులో గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుంటే గేమ్స్, బ్లెండర్ రెండూ బాగా నడుస్తాయా? కొనమంటారా?

జవాబు: బ్లెండర్ కోసమైతే కొనండి. గేమ్స్ కోసమే అయితే వద్దంటాను. తేడా అంతా కేబుల్ దగ్గరే వస్తుంది.

థండర్‌బోల్ట్ 4 అంటే సెకనుకు 40 గిగాబిట్లు. అందులో కార్డు డేటాకు కేటాయించేది 32 గిగాబిట్లు, అంటే 4 గిగాబైట్లు మాత్రమే. వాడకంలో సెకనుకు 3 గిగాబైట్లకు లోపే అందుతుంది. అదే కార్డు డెస్క్‌టాప్‌లో 16 లేన్ల పీసీఐఈ 4.0 స్లాట్‌లో కూర్చుంటే దాదాపు 32 గిగాబైట్ల దారి ఉంటుంది.

ఇప్పుడు బ్లెండర్ సంగతి చూడండి. మీ సీన్ 4 జీబీ ఉందనుకుందాం. అది కార్డు మెమరీలోకి చేరడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. ఆ తర్వాత 5 నిమిషాల రెండరింగ్ అంతా కార్డు లోపలే జరుగుతుంది, కేబుల్‌తో పెద్దగా పని ఉండదు.

గేమ్ అలా కాదు. ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్ నుంచి కార్డుకు డేటా వెళ్తూనే ఉండాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16.7 మిల్లీసెకన్లు, 144 అంటే 7 కూడా దక్కవు. అందుకే 4కే కంటే ఫుల్ హెచ్‌డీలో, ఎక్కువ ఫ్రేముల దగ్గర నష్టం బాగా తెలుస్తుంది. కార్డు మెమరీ చాలకపోతే టెక్స్చర్లు ఈ ఇరుకు దారిలోంచే రావాలి, ఆట కుదుపులు కుదుపులుగా సాగుతుంది. పైగా సన్న ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. దానికి బాక్సు ఏమీ చేయలేదు. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే ఆడితే తయారైన బొమ్మ మళ్లీ అదే కేబుల్‌లో వెనక్కి రావాలి, అక్కడ ఇంకొన్ని ఫ్రేములు పోతాయి. మానిటర్‌ను నేరుగా కార్డుకే తగిలించాలి. అంటే బాక్సు, కార్డు, మానిటర్ మూడూ కొనాలి. అంత ఖర్చుకు సిద్ధమైతే నేను డెస్క్‌టాప్ వైపే చూస్తాను.

థండర్‌బోల్ట్ 5 బాక్సు కొంటే వేగం పెరుగుతుందని ఆశపడకండి, మీ పోర్టు 4 కాబట్టి దాని వేగమే వస్తుంది. యాపిల్ ఎమ్ సిరీస్ మ్యాక్ వాడేవాళ్లు గేమ్స్ కోసం, బ్లెండర్ కోసం ఈ దారి మర్చిపోవచ్చు.

బ్లెండర్ కోసం కొంటే, తిరిగి ఇచ్చే గడువులోపే వేగం కొలవండి. కార్డు వివరాలు చూపించే GPU-Z లో Bus Interface దగ్గర x4 1.1 అని, అంటే చాలా తక్కువ వేగం కనబడితే టెన్షన్ పడొద్దు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో దారి సరిగ్గా ఉన్నా అలాగే చూపిస్తుంది. AIDA64 లోని GPGPU Benchmark నడిపి Memory Write అంకె చూడండి. 2,500 MB/s దరిదాపుల్లో ఉంటే అంతా బాగున్నట్టే. అందులో సగమే వస్తే ముందు కేబుల్‌ను అనుమానించండి. థండర్‌బోల్ట్ 3 కాలం నాటి పొడుగాటి చవక కేబుళ్లు చాలావరకు 20 గిగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి. బాక్సుతో వచ్చిన పొట్టి కేబుల్ పెట్టి మళ్లీ కొలవండి.