తొమ్మిదేళ్ల వాషింగ్ మెషీన్: బేరింగులు మార్పించాలా, మెషీన్‌నే మార్చాలా?

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ మెషీన్ కొని 9 ఏళ్లయింది. స్పిన్‌లో గర్రుమని పెద్ద చప్పుడు. బేరింగులు పోయాయి, కొత్త మెషీన్ ధరలో మూడో వంతు అవుతుందని మెకానిక్ చెప్పాడు. చేయించమంటారా, కొత్తది తీసుకోమంటారా?

జవాబు:

ముందు బేరింగులేనని మీరే తేల్చుకోండి. ప్లగ్ తీసేసి, తలుపు తెరిచి, ఖాళీ డ్రమ్‌ను చేత్తో తిప్పండి. బేరింగు పోతే గరగరమంటూ ఒకేలా మోగుతుంది. తర్వాత డ్రమ్ పై అంచు పట్టుకుని పైకీ కిందికీ కదపండి. బయటి టబ్బు కదలకుండా లోపలి డ్రమ్ ఒక్కటే లొడలొడలాడితే అనుమానం దాదాపు తీరినట్టే. డ్రమ్ నున్నగా తిరుగుతూ, స్పిన్‌లో మెషీన్ మొత్తం ఊగిపోతుంటే షాక్ అబ్జార్బర్లు చూడాలి, అది చాలా చిన్న పని. ఉండుండి గీసుకున్నట్టు వినిపిస్తే టబ్బుకీ డ్రమ్‌కీ మధ్య నాణెమో, హుక్కో ఇరుక్కుని ఉండొచ్చు. వెనక ప్యానెల్ విప్పితే ఇంకో ఆనవాలు దొరుకుతుంది: పెద్ద పుల్లీ వెనక, టబ్బు మధ్య నుంచి కిందికి తుప్పు రంగు చార. ఆయిల్ సీల్ అరిగి, నీళ్లు బేరింగులోకి దిగి, గ్రీజు కొట్టుకుపోయిందని దానర్థం. బేరింగులు ఎక్కువగా పోయేది ఇలాగే.

ఇప్పుడు లెక్క. కొత్త మెషీన్ ధర 100 అనుకుందాం. రిపేరు 33. 9 ఏళ్ల మెషీన్‌లో బేరింగులు కొత్తవైనా పంపు, తలుపు రబ్బరు, కంట్రోల్ బోర్డు అన్నీ 9 ఏళ్లవే. అందుకే ఇంకో 3 ఏళ్లకు మించి నేను లెక్కలోకి తీసుకోను. అంటే ఏడాదికి 11. కొత్తది 10 ఏళ్లు వస్తుందనుకుంటే ఏడాదికి 10. ఇదే రిపేరు నాలుగో ఏట వచ్చుంటే కనీసం 6 ఏళ్లు వాడుకోవచ్చు కాబట్టి ఏడాదికి ఐదున్నరే, కళ్లు మూసుకుని చేయించమనేవాణ్ణి. మీ విషయంలో రెండూ ఇంచుమించు సమానంగా ఉన్నాయి.

కరెంటు ఆదా పేరుతో మొగ్గే ముందు మీరు ఎలా ఉతుకుతారో చూసుకోండి. మెషీన్ తాగే కరెంటులో పెద్ద వాటా నీళ్లు కాచడానిదే. 25 డిగ్రీల నీళ్లు 15 లీటర్లు 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 0.6 యూనిట్ కావాలి. కొత్తది 10 లీటర్లతో సరిపెడితే 0.4 యూనిట్. ఏడాదికి 200 సార్లు వేసినా మిగిలేది 40 యూనిట్లు. మీ రేటుతో గుణించి చూడండి, ఎక్కడా కొత్త మెషీన్ ధరకు దరిదాపుల్లో ఉండదు. చల్లనీళ్లతో ఉతికేవాళ్లకు అదీ లేదు. రోజూ వేడినీళ్ల ప్రోగ్రామ్ రెండు మూడుసార్లు వేసే ఇంట్లో మాత్రం ఈ తేడాను లెక్కలో కలపండి.

కాబట్టి అసలు తేల్చేది ఆ 33లో ఏముందన్నదే. మెకానిక్‌ను సూటిగా అడగండి: టబ్బు స్క్రూలతో బిగించిందా, అతికించి సీల్ చేసిందా? అతికించినదైతే చాలామంది టబ్బు మొత్తం మార్చేస్తారు, కొటేషన్ పెరిగేది అందుకే. స్క్రూల టబ్బయితే కావలసినవి రెండు బేరింగులు, ఒక ఆయిల్ సీల్. సామాను ఖర్చు తక్కువే, కూలీ ఎక్కువ, ఎందుకంటే మెషీన్ దాదాపు మొత్తం విప్పాలి.

విప్పాక మీరు దగ్గరుండి రెండు చూడండి. డ్రమ్ వెనక మూడు కాళ్లతో ఉండేది స్పైడర్, సాధారణంగా అల్యూమినియంది. డిటర్జెంటు మడ్డి పేరుకుని అది గుల్లబారుతుంది. మడ్డి గీకి చూస్తే గుంటలో, పగుళ్లో ఉంటే దాన్నీ మార్చాలి. రెండోది, షాఫ్టు మీద సీల్ ఆనుకునే చోటు. అక్కడ గోరు అడ్డంగా లాగండి. గోరు గాడిలో తట్టుకుంటే కొత్త సీల్ కూడా నీళ్లు ఆపలేదు, కొన్ని నెలల్లో అదే చప్పుడు మళ్లీ మొదలవుతుంది.

స్పైడర్ గట్టిగా ఉండి, షాఫ్టు నున్నగా ఉండి, మొత్తం ఖర్చు 20 లోపుకు దిగితే చేయించండి, ఏడాదికి 7 కూడా పడదు. టబ్బు మార్చాల్సిందే అన్నా, స్పైడర్ పోయిందన్నా, 33 దగ్గరే ఆగిపోయినా కొత్తది తీసుకోండి. విప్పి చూడడానికి ఎంత తీసుకుంటారో, రిపేరు వద్దనుకుంటే ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి.

ఈలోపు ఆ మెషీన్‌లో స్పిన్ వేగం వీలైనంత తగ్గించి వాడండి, దుప్పట్లు వేయకండి. బేరింగు పూర్తిగా చితికితే డ్రమ్ టబ్బుకు ఒరుసుకుని టబ్బు పగులుతుంది. అప్పుడిక రిపేరు ప్రసక్తే ఉండదు.